గుట్ట ఒడిసినంక పైసలెట్లొస్తయ్?

మొన్న దసరాకి గోదావరిఖని పోయిన. జమ్మి పెట్టి, పెద్దవాళ్ల కాళ్లు మొక్కి, అన్నం తిని అట్లా నడుం వాల్చానో లేదో మా బావ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. బావది కరీంనగర్. మా అక్క పెనిమిటి. టిప్పర్లు నడుపుతాడు, అంటే నడిపిస్తాడు, రెండున్నయ్ ఆయనకి.

"బామ్మర్దీ, నువ్వు కంప్యూటర్ల పని చేత్తవ్ గదా, జర గీ ఎక్సెల్ చూసి చెప్పు. మంచిగనే ఉన్నదా?"

సాఫ్టువేర్ వాళ్లకి ఈ బాధ ఎట్లాగూ తప్పదు. ప్రింటర్ పనిచెయ్యకపోయినా మనమే, పెళ్లి వీడియో సీడీలోంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలన్నా మనమే. సరే అని చూశాను. చూస్తే అది ప్రింటర్ కాదు, మా బాపు రిటైర్మెంటు డబ్బు.

సంగతేంటంటే, కరీంనగర్ దగ్గర ఒక గ్రానైటు క్వారీలో 20 శాతం వాటా అమ్ముతున్నారు. ధర 2 కోట్లు. బావ ఒక ప్లాటు అమ్మి, ఒక టిప్పరు అమ్మి, కొంత అప్పు తెచ్చి 1 కోటీ 60 లక్షలు పోగుచేస్తాడట. తక్కువ పడ్డ 40 లక్షలు బాపు ఇవ్వాలి. బాపు సింగరేణిలో బదిలీ ఫిల్లర్‌గా చేరి ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి దిగిండు. గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు కలిపి వచ్చిన దాంట్లో ఇల్లు బాగుచేయించగా మిగిలింది దాదాపు అంతే. ఊళ్లో అందరూ బాపుని అడిగేవాళ్లే గానీ, బావ అడిగితే కాదనడం కష్టం. అక్క మొహం ఉంది మధ్యలో.

అమ్మేవాళ్లు ఇచ్చిన ఎక్సెల్ మాత్రం ముచ్చటగా ఉంది. రంగులు, గీతలు, పైన "డిస్కౌంటెడ్ ఫ్రీ క్యాష్ ఫ్లో పద్ధతిన వాల్యుయేషన్" అని పెద్ద హెడ్డింగు. చివర్లో కంపెనీ విలువ 10.95 కోట్లు అని తేల్చారు. దాంట్లో ఐదో వంతు 2.19 కోట్లు. "మనోళ్లని రెండుకే ఇస్తున్నరు" అని బావ సంబరం.

నేను కొన్నాళ్ల కింద సాయంత్రం క్లాసులకు పోయి కొంచెం ఫైనాన్సు చదువుకున్నాను. అక్కడ ప్రతి వారం ఒక కేసు ఇచ్చేవాళ్లు: ఇవీ అంకెలు, ఇదీ కథ, కంపెనీ విలువ కట్టుకుని రండి అని. ఈ క్వారీని కూడా అట్లాంటి కేసుగా రాసి పెడుతున్నాను. ఓపికున్నవాళ్లు ముందు సొంతంగా చేసి, తర్వాత కింద చదవండి.

కేసు ఇది. వచ్చే ఏడాది ఫ్రీ క్యాష్ ఫ్లో 100 లక్షలు. ఐదో ఏడు దాకా ఏటా 8 శాతం పెరుగుతుంది. ఆ తర్వాత ఎప్పటికీ 5 శాతం చొప్పున పెరుగుతుంది. డిస్కౌంటు రేటు 15 శాతం. క్వారీ లీజులో ఇంకా 11 ఏళ్లు మిగిలి ఉంది. క్యాష్ ఫ్లో అంటే పన్ను కట్టాక మిగిలిన 75 లక్షల లాభానికి 25 లక్షల తరుగుదల తిరిగి కలిపిన మొత్తం. అప్పులేమీ లేవు. 20 శాతం వాటాకి ఎంత ఇవ్వొచ్చు?

(లీజు సంగతి, తరుగుదల సంగతి మొదటి షీటులో లేవు. రెండో షీటులో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. అవి బావ చూడలేదు.)

ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రేపు వచ్చే రూపాయి ఇవాళ చేతిలో ఉన్న రూపాయంత కాదు. 15 శాతం రాబడి కోరుకునేవాడికి వచ్చే ఏడాది అందే 115 రూపాయలు ఇవాళ్టి 100తో సమానం. కాబట్టి రాబోయే ప్రతి ఏటి డబ్బునీ 1.15తో, ఎన్నేళ్ల దూరంలో ఉంటే అన్నిసార్లు భాగించి, అన్నీ కూడితే వ్యాపారం విలువ వస్తుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

చిక్కంతా ఎక్కడంటే, వ్యాపారం ఐదేళ్లతో ఆగిపోదు. అట్లాగని వందేళ్లకు వంద గడులు వెయ్యలేం. అందుకని ఐదో ఏడు దాకా ఒక్కొక్కటిగా లెక్కేసి, ఆ తర్వాత వచ్చేదంతా ఒక్క గడిలో కుక్కుతారు. దాన్నే టెర్మినల్ వాల్యూ అంటారు. సూత్రం ఇది:

```
TV = FCF5 × (1 + g) / (r − g)
```

ఇక్కడ r అంటే మన 15 శాతం, g అంటే ఎప్పటికీ సాగే 5 శాతం. చూడ్డానికి చిన్న సూత్రమే. కానీ దీంట్లో ఒక మాట దాక్కుని ఉంది: "ఎప్పటికీ". ఈ సూత్రం పదేళ్ల డబ్బు కాదు, యాభై ఏళ్లది కాదు, అంతం లేని వరసని కూడుతుంది. బళ్లో చదివిన గుణశ్రేఢి అనంతం దాకా మొత్తం, అదే ఇది.

బావ పక్కన కూర్చుని చూస్తుండగానే నాలుగు లైన్లు రాసిన:

```python
r, g = 0.15, 0.05
f = [100 * 1.08**i for i in range(5)]
pv5 = sum(x / (1+r)**(i+1) for i, x in enumerate(f))
tv = f[-1] * (1+g) / (r-g) / (1+r)**5
print(round(pv5), round(tv))
```

వచ్చినవి 385, 710. అంటే మొదటి ఐదేళ్ల డబ్బు ఇవాళ్టి విలువలో 385 లక్షలు. ఆ తర్వాత "ఎప్పటికీ" వచ్చేది 710 లక్షలు. రెండూ కలిపితే 1095. షీటు అంకె సరిపోయింది. కూడికల్లో తప్పేమీ లేదు. ఎక్సెల్ ఎప్పుడూ కూడికల్లో తప్పు చెయ్యదు :)

కానీ చూడండి, మొత్తం విలువలో 65 శాతం ఆ ఒక్క గడిలోనే ఉంది. ఏ డీసీఎఫ్ షీటు చూసినా నేను మొట్టమొదట చూసేది ఈ వంతే. ఇది ఎక్కువుండటం అదే పనిగా తప్పేం కాదు. చాలా మంచి కంపెనీలకి కూడా ఇట్లాగే ఉంటుంది. కానీ 65 శాతం ఒకే గడిలో ఉన్నప్పుడు, మిగిలిన షీటంతా పక్కన పెట్టి ఆ గడిని నిలదీయాలి. పైగా అది ఎంత సుకుమారంగా ఉంటుందంటే, g ని 5 నుంచి 6 చేస్తే కంపెనీ విలువ 1182 అవుతుంది, 3 చేస్తే 966 అవుతుంది. గుట్టలో ఒక్క రాయి అటూ ఇటూ కదలకుండానే రెండు కోట్ల తేడా.

నేను ఇదంతా బావకి వివరిస్తుంటే బాపు అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. వింటున్నాడని కూడా నాకు తెల్వదు. ఉన్నట్టుండి అడిగిండు:

"గుట్టకు ఆయుష్షెంత రాసిన్రురా?"

"అంటే?"

"బాయి తవ్వేటప్పుడు రాస్తరు గద, గీ బాయిల ఇంత బొగ్గున్నది, ఏడాదికి ఇంత తీస్తం, ఇన్నేండ్లొస్తది అని. గుట్టకు రాయలేదా?"

మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. ఈ ప్రశ్న బాపుకే ఎందుకు తట్టిందో చెప్పాలి. ఆయన ఉద్యోగం మొదలైంది బెల్లంపల్లిలో. నిజాం కాలంలో తవ్వకం మొదలైన చోటు అది. బాయిల చుట్టూనే ఊరు పెరిగింది. క్వార్టర్లు, దవాఖాన, సినిమా టాకీసులు, జీతాల రోజు కిక్కిరిసే అంగడి. తర్వాత ఒక్కొక్క బాయి మూతపడింది. బొగ్గు ఒడిసింది కొన్నిట్లో, మిగిలిన బొగ్గు తీస్తే గిట్టుబాటు కాదని మూసినవి కొన్ని. బాపుని గోదావరిఖని వైపు మార్చారు. మేం సామాను లారీలో వేసుకుని వచ్చేటప్పటికి మా పాత లైనులో సగం క్వార్టర్లకు తలుపుల్లేవు. ఐదు శాతం చొప్పున ఎప్పటికీ పెరిగే ఊరు కాదది.

నేను ఇంజినీరింగు చదివి, ఫైనాన్సు క్లాసులు విని, సున్నితత్వం పట్టికలు వేస్తున్నాను. ఆ ముసలాయన మాత్రం అసలు ప్రశ్న అడిగిండు. సిగ్గేసింది.

సరే, రెండో షీటు తీశాం. లీజు 20 ఏళ్లది. గ్రానైటు లీజులు మామూలుగా అట్లాగే ఇస్తారు. తొమ్మిదేళ్లు అయిపోయాయి. మిగిలింది 11. మైనింగ్ ప్లానులో అమ్మకానికి పనికొచ్చే రాయి ఇంకా 33,000 ఘనపు మీటర్లుందని రాసుంది. ఏడాదికి 3,000 తీస్తున్నారు. అంటే సరిగ్గా 11 ఏళ్లకే ఆ రాయి కూడా.

అప్పుడింకోటి కనపడింది. షీటులో మొదటి ఐదేళ్లు 8 శాతం పెరుగుదల అన్నారు. రాయి ధర ఏటా 5 శాతం పెరుగుతుందనే అనుకుందాం. మిగిలిన 3 శాతం ఎక్కడిది? ఎక్కువ రాయి తీస్తేనే వస్తుంది. మరి ఏటా 3 శాతం ఎక్కువ తీసుకుంటూ పోతే 33,000 మీటర్లు పదో ఏడు సగంలోనే అయిపోతాయి. సబ్బుల కంపెనీకి పెరుగుదల అంటే ఇంకో ఊళ్లో సబ్బులమ్మడం. క్వారీకి పెరుగుదల అంటే ఉన్న గుట్టని తొందరగా ఖాళీ చెయ్యడం. రెండిటికీ ఒకే సూత్రం వాడితే ఎట్లా?

బావకి అన్యాయం చెయ్యొద్దని ఈ రాయి తరిగే సంగతి పక్కన పెట్టి, షీటులో అంకెలన్నీ వాళ్లవే ఉంచి, ఒక్కటే మార్చాను. "ఎప్పటికీ" తీసేసి "11వ ఏడు దాకా" అని పెట్టాను. సూత్రానికి ఒక తోక తగిలిస్తే చాలు:

```python
cut = tv * (1 - ((1+g)/(1+r))**6)
print(round(cut))
```

ఆరో ఏడు నుంచి పదకొండో ఏడు దాకా ఆరేళ్లు కాబట్టి 6. వచ్చింది 299. ఇంతకుముందు 710 ఉన్న గడి 299 అయింది. మొదటి ఐదేళ్ల 385 కలిపితే క్వారీ విలువ 684 లక్షలు. అంటే 10.95 కోట్లు కాస్తా 6.84 కోట్లయింది.

మధ్యలో పోయిన 4.11 కోట్లు ఏమిటి? అవి లీజు అయిపోయి, రాయి అయిపోయి, అక్కడ చెరువులాంటి గుంత మిగిలాక కూడా ఆ గుంతలోంచి ఏటా 5 శాతం పెరుగుతూ వచ్చే డబ్బు. దాంట్లో బావ వాటా 82 లక్షలు. అంటే షీటు చూపించిన 2.19 కోట్లలో 82 లక్షలు లేని రాయికి. బాపు ఇవ్వాల్సిన నలభై అందులో రెండుసార్లు పడుతుంది.

బావ ఊరుకోలేదు. ఊరుకోకూడదు కూడా. "లీజు రెన్యూ అయితది గద? కాకపాయె, గీ గుట్ట ఒడిస్తె ఇంకో గుట్ట పట్టుకుంటం. కంపెనీ బందయితదా ఏంది? సింగరేణి చూడు, ఎన్ని బాయిలు మూసిండ్రు, కంపెనీ నడుత్తలేదా?"

మంచి ప్రశ్న. మొదట్లో నాకు దీనికి జవాబు తొందరగా తట్టలేదు. టీ తాగి వచ్చి ఆలోచిస్తే తేలింది.

సింగరేణి నడుస్తోంది, నిజమే. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలుపెట్టిన కంపెనీ ఇంకా ఉంది. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఏడాదికి దాదాపు ఏడు కోట్ల టన్నులు తీస్తోంది. బాయి పోతుంది, కంపెనీ ఉంటుంది. కానీ ఎట్లా ఉంటుంది? ఒక బాయి మూతపడేలోపు ఇంకో చోట భూమి కొని, ఊళ్లు లేపి పరిహారాలిచ్చి, పైన మట్టి తీసి, యంత్రాలు దించితేనే ఉంటుంది. ఒడిశాలో నైనీ బ్లాకునే తీసుకోండి. సింగరేణికి అది కేటాయించింది 2015లో. బొగ్గు తీయడం మొదలైంది 2025లో. పదేళ్లు. ఆ పదేళ్లూ డబ్బు పోవడమే గానీ రావడం లేదు. గోదావరి లోయ కంపెనీ ఒడిశా దాకా పోవాల్సి వచ్చిందంటేనే తెలుస్తుంది, పెరుగుదల ఊరికే రాదని.

ఇది లెక్కలో ఎక్కడ కనపడాలి? ఫ్రీ క్యాష్ ఫ్లోలోనే. "ఫ్రీ" అంటే అందుకే ఫ్రీ: రేపటి వ్యాపారం కోసం పెట్టాల్సినవన్నీ పెట్టేశాక మిగిలింది. పెట్టిన డబ్బు మీద 15 శాతం సంపాదించే వ్యాపారం ఏటా 5 శాతం పెరగాలంటే లాభంలో మూడో వంతు ప్రతి ఏడూ తిరిగి వ్యాపారంలో పెట్టాలి. 5 ని 15 తో భాగిస్తే అంతే. బావ షీటులో తిరిగి పెట్టేది సున్నా. g మాత్రం 5. అంటే తిండి పెట్టకుండా పాలు పిండటం.

ఇంకో సంగతి చెప్తే బావ కూడా కాసేపు మాట్లాడలేదు. ఇంకో గుట్ట పట్టుకోవాలంటే దాని ధర దానికి కట్టాలి. 15 శాతం కోరుకునేవాడు, 15 శాతమే ఇచ్చే కొత్త గుట్టని సరైన ధరకి కొంటే, పెట్టింది ఎంతో వచ్చేదాని ఇవాళ్టి విలువ అంతే. లాభమూ లేదు, నష్టమూ లేదు. కాబట్టి ఆ రాబోయే గుట్ట పేరు చెప్పి ఇవాళ ఈ గుట్ట ధర ఒక్క రూపాయి కూడా పెంచడానికి లేదు. వేరేవాళ్లకంటే చవగ్గా గుట్టలు పట్టుకునే మంత్రం వాళ్ల దగ్గర ఉంటేనే పెంచాలి. ఉంటే 20 శాతం మనకెందుకు అమ్ముతున్నరు?

లీజు రెన్యూ సంగతీ అంతే. రెన్యూ కావొచ్చు. కానీ కాగితం రెన్యూ అయితే రాయి రెన్యూ కాదు గదా. మైనింగ్ ప్లానులో ఉన్న రాయి 11 ఏళ్లకే సరిపోయేటప్పుడు ఇంకో 20 ఏళ్ల కాగితం దేనికి?

ఇక తరుగుదల. ఇది అందరూ చేసే తప్పే, నేనూ క్లాసులో చేసి మార్కులు పోగొట్టుకున్నదే. తరుగుదల అనేది లెక్కలో ఖర్చు గానీ చేతిలోంచి పోయే డబ్బు కాదు, కాబట్టి లాభానికి తిరిగి కలపాలి. నిజమే. కానీ యంత్రం అరగడం మాత్రం నిజం. ఎక్స్‌కవేటరు, కంప్రెసరు, రాయి కోసే వైర్‌సా యంత్రం, ఇవన్నీ ఆ దుమ్ములో పదకొండేళ్లు మొదటి రోజులాగే పనిచెయ్యవు. ఒకసారైనా మార్చాలి. టిప్పర్లు నడిపే బావకి ఇది నేను చెప్పాల్సిన పని లేదు. "నీ టిప్పర్ టైర్లకు ఏడాదికెంత పెడ్తున్నవ్ బావా?" అంటే నవ్విండు.

షీటులో 25 లక్షల తరుగుదల కలిపారు గానీ కొత్త యంత్రాలకి ఒక్క రూపాయి తీసెయ్యలేదు. సగటున ఏటా అరిగినంత మార్చాలనుకుంటే, ఆ 25 మళ్లీ తీసెయ్యాలి. అంటే 100 లక్షలది 75 లక్షలే. ఆ ఖర్చు కూడా మిగతావాటితో పాటే పెరుగుతుందనుకుంటే మొత్తం విలువ మూడు వంతులకు దిగుతుంది. 684లో ముప్పావు 513. దాంట్లో ఐదో వంతు 103 లక్షలు.

రెండు కోట్లు అడిగిన వాటా కోటీ మూడు లక్షలు. అంకెలన్నీ వాళ్లవే. నేను మార్చింది రెండే: గుట్టకి ఆయుష్షు రాశాను, యంత్రాలకి అరుగుదల రాశాను.

ఇక్కడ నా లెక్కలో కూడా లొసుగులున్నాయి, దాచిపెట్టడం ఎందుకు. చివరి రెండు మూడేళ్లలో ఎవరూ కొత్త యంత్రం కొనరు, కాబట్టి నేను ఖర్చు కాస్త ఎక్కువే వేశాను. లీజు అయిపోయిన రోజు పాత యంత్రాలు అమ్ముకోవచ్చు, బాకీలు వసూలవుతాయి, ఆ డబ్బు కలపాలి. మరోపక్క మూసే ఖర్చు తియ్యాలి. క్వారీకి అసలైన టెర్మినల్ వాల్యూ అంటే ఇదే: తుక్కు ధర, రావాల్సిన బాకీలు, వాటిలోంచి గుంతకి కంచె వేసి సర్దే ఖర్చు పోగా మిగిలింది. అది సున్నాకి కింద కూడా ఉండొచ్చు. బొగ్గు గనులకైతే 2009లోనే కేంద్ర బొగ్గు శాఖ ఒక నియమం పెట్టింది. మూసే ఖర్చు కోసం ఓపెన్‌కాస్టుకి హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి హెక్టారుకు లక్ష లెక్కన గని నడుస్తుండగానే విడిగా ఒక ఖాతాలో వేస్తూ రావాలి అని. గనికి చావుంది, దాని ఖర్చు ముందే దాచిపెట్టు అని దానర్థం. ఎప్పటికీ 5 శాతం అనే సూత్రానికి ఈ నియమం సరిగ్గా ఎదురు.

ఇంకో పెద్ద లొసుగు, రాయి ధర. కరీంనగర్ రాయి ఎక్కువగా దిమ్మెలుగా కాకినాడ రేవు మీదుగా చైనాకి పోతుంది. అక్కడ ఇళ్లు కట్టడం మందగిస్తే ఇక్కడ గుట్ట మీద యంత్రం ఆగిపోతుంది. ఏటా 5 శాతం ధర పెరుగుతుందని నేను ఒప్పుకున్నది వాదన కోసమే. పెరగకపోతే ఆ కోటి కూడా ఉండదు. రెట్టింపయితే నేను చెప్పిన కోటి తక్కువవుతుంది, మా అక్క జీవితాంతం నన్ను దెప్పుతుంది.

నేను ఈ సూత్రం పనికిరాదనడం లేదు. పాల డెయిరీకి, మందుల కంపెనీకి, నేను పనిచేసే సాఫ్టువేర్ కంపెనీకి వాడొచ్చు. వాటికి అయిపోయే సరుకు లేదు, కాబట్టి "ఎప్పటికీ" అనేది ఒక మోస్తరు అబద్ధం. అప్పుడు కూడా g కి సరిపడా డబ్బు తిరిగి పెడుతున్నారా లేదా చూసుకోవాలి. కాలం రాసిపెట్టి ఉన్నవాటికి, అంటే గని, క్వారీ, ఇన్నేళ్లని ఒప్పందం ఉన్న టోల్ రోడ్డు, వాటికి గడులు ఐదుతో ఆపకుండా చివరి ఏడు దాకా పొడిగించాలి. ఎక్సెల్లో ఇంకో ఆరు గడులు లాగడానికి పది సెకండ్లు కూడా పట్టదు. ఎవరో ఏ సబ్బుల కంపెనీకో చేసిన షీటులో పేరు మార్చి ఇచ్చారని నా అనుమానం. మోసమని నేననను. మేం మాత్రం రోజూ కాపీ పేస్టు చెయ్యమా?

ఆ రాత్రి బావ అన్నం తినకుండానే కరీంనగర్ బయల్దేరిండు. అక్క రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "ఆయన ఎదుగుతుంటే నీకేం బాధరా" అంది ఫోనులో. దానికి నా దగ్గర సూత్రమేమీ లేదు.

తర్వాత బావ ఆ షీటు పట్టుకుని వాళ్ల దగ్గరికి పోయిండట. పదకొండో ఏడు తర్వాత గడి చూపించి, ఇది దేని పైసలని అడిగిండట. వాళ్లు మొదట రెన్యూ అన్నారు, తర్వాత ఇంకో గుట్ట అన్నారు, చివరికి కోటీ డెబ్బై అయిదుకి దిగారు. బావ కోటీ పది అన్నాడు. కుదరలేదు. ఆ వాటా ఇంకెవరో కొన్నారు. మంచి జరిగిందో చెడు జరిగిందో పదకొండేళ్ల తర్వాతే తేలుతుంది.

బాపు నలభై లక్షలు గోదావరిఖనిలో బ్యాంకులో ఉన్నాయి. వడ్డీ తక్కువని నేనే గొణుగుతుంటాను. మొన్న ఫోనులో అదే మాటంటే బాపు అన్నడు: "బెల్లంపల్లిల బాయి మూసిన్నాడు మా మస్టరు ఇంకో బాయికి మార్చిన్రు బిడ్డా. కంపెనీ ఉండె కాబట్టి మార్చిన్రు. గుట్ట మూసిన్నాడు మీ బావను ఎవరు మారుస్తరు?"

కేసు చేసి చూసినవాళ్లు మీకెంత వచ్చిందో చెప్పండి. డిస్కౌంటు రేటు 15 కాకుండా 18 వేసి చూసినవాళ్లుంటే మరీ సంతోషం. నాకు తెలిసి ఆ ధూళికీ ఆ అనిశ్చితికీ 15 తక్కువే. కానీ అది బావకి ఇంకా చెప్పలేదు.